తెల్లవారితే గురువారం

శుభలేఖలో పిలుస్తారు. చావు కబురులో పిలవరు. "తప్పక విచ్చేసి" అనే మాట చనిపోయిన రోజు పంపే కబురులో ఎక్కడా కనిపించదు. "తెలియజేయుటకు చింతిస్తున్నాము" దగ్గర వాక్యం ఆగిపోతుంది. రావడం, రాకపోవడం విన్నవాడి ఇష్టానికి, చుట్టరికానికి వదిలేస్తారు. పిలుపు అనేది పన్నెండు రోజుల తరవాత శుభస్వీకారం కార్డులోనే వస్తుంది, అది కూడా భోజనానికి. ఈ రెండింటినీ కలిపి ఒకే వాట్సప్ మెసేజ్‌లో పెట్టడం ఈమధ్య మొదలైన అలవాటు. మా పెద్దమ్మకి అది నచ్చదు.

ఆవిడది కొవ్వూరు. 2023 ఫిబ్రవరిలో పెదనాన్న పోయినప్పుడు కబురు రాసే పని నామీద పడింది. "వాడు ఏవో వ్యాసాలు రాస్తాడు కదా, వాడి చేత రాయించండి" అన్నారెవరో. పుస్తకాల మీద సమీక్షలు రాసేవాడికి ఇది కూడా వచ్చి ఉంటుందని వాళ్ళ నమ్మకం. నిజానికి రాసింది నేను కాదు. పెద్దమ్మ చెప్పింది, నేను టైపు చేశాను. ఆ మూడు నాలుగు వాక్యాల్లో ఆవిడ దేని దగ్గర పట్టుబట్టిందో, ఎందుకు పట్టుబట్టిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను హైదరాబాద్ నుంచి బయల్దేరేలోపే మా చిన్నన్నయ్య ఫ్యామిలీ గ్రూపులో ఒక మెసేజ్ పెట్టేశాడు. "మా నాన్నగారు ఈ రోజు తెల్లవారుజామున స్వర్గస్తులయ్యారు. అంత్యక్రియలు ఈ రోజు సాయంత్రం 4 గంటలకు." అంతే. ఆ పరిస్థితిలో ఎవరైనా అలాగే పెడతారు. ఆ గ్రూపులో ఉన్నవాళ్ళకి అందులో తప్పేమీ కనిపించదు కూడా. కానీ కబురు గ్రూపులో ఆగదు. తణుకులో మేనత్త కొడుకు దాన్ని మరో గ్రూపుకి పంపుతాడు, అక్కణ్ణించి భీమవరం వెళుతుంది. ఫార్వర్డ్ చేసిన మెసేజ్ పక్కన కనిపించే టైము ఫార్వర్డ్ చేసినప్పటిది, మొదట రాసినప్పటిది కాదు. శుక్రవారం పొద్దున చూసినవాడికి "ఈ రోజు" అంటే శుక్రవారమే. మర్నాడు సాయంత్రం నాలుగింటికి శ్మశానానికి ఇద్దరు దూరపు చుట్టాలు నిజంగానే వచ్చారు.

పాత ఉత్తరాలకి ఈ ఇబ్బంది ఉండేది కాదని పెద్దమ్మ అంటుంది. కార్డు మీద ఊరు, తేదీ రాయకుండా ఎవరూ మొదలుపెట్టేవారు కాదు. పైన "అశుభం" అని ఉంటే వీధరుగు మీదే నిలబడి చదివి, అక్కడే చింపేసి, స్నానం చేసి లోపలికి వచ్చేవారట. ఆ కార్డుని ఇంట్లో దాచరు. శుభలేఖలు ఏళ్ళ తరబడి ట్రంకుపెట్టెల్లో ఉంటాయి కానీ చావు కార్డు ఒక్కటి కూడా నాకు ఇంతవరకు దొరకలేదు. దానికి కారణం అదే.

ఆ స్నానం వెనక ఒక లెక్క ఉంది. మైల అనేది మరణంతో మొదలవుతుంది కానీ దూరాన ఉన్నవాడు దాన్ని పట్టేది కబురు విన్నాకే. మనుస్మృతి ఐదో అధ్యాయంలో దాయాదులకి ఈ నియమం ఉంది. పది రోజుల లోపు వింటే, ఆ పదిలో మిగిలిన రోజులే పడతారు. పది దాటాక వింటే మూడు రాత్రులు. ఏడాది దాటాక వింటే స్నానంతో సరి. (తల్లిదండ్రులు పోతే కొడుకులకి నియమం ఇంతకంటే గట్టిది.) అంటే ఆ కార్డు మీద తేదీ చుట్టుపక్కల ఉన్న వివరం కాదు, కార్డులో అసలు విషయమే అది. విన్నవాడు ఎన్నో రోజున విన్నాడో లెక్క కట్టుకోవాలి. దీపం పెట్టాలా వద్దా, ఇంట్లో కుదుర్చుకున్న పెళ్ళిచూపులు ఆపాలా వద్దా అన్నీ దాన్నిబట్టే. మైల మీద నమ్మకం ఉందా లేదా అన్నది వేరే చర్చ. ఆ నమ్మకం ఉన్నవాళ్ళకి కబురు పంపుతూ, వాళ్ళకి కావలసిన ఒక్క వివరం వదిలేయడం మాత్రం బాగోదు.

సరే, మొదటి రోజు ఏది?

పెదనాన్న పోయింది రాత్రి రెండు గంటల నలభై నిమిషాలకి. ఫోన్లో అది ఫిబ్రవరి 9, గురువారం. పంచాంగానికి రోజు సూర్యోదయంతో మొదలవుతుంది కాబట్టి అది ఇంకా బుధవారమే. డాలస్‌లో ఉన్న మా పెద్దన్నయ్యకి ఫోన్ వెళ్ళేసరికి అక్కడ బుధవారం మధ్యాహ్నం మూడు దాటింది. తన ఫేస్‌బుక్‌లో 8వ తేదీ అని రాసుకున్నాడు. కొవ్వూరులో డాక్టరు ఇచ్చిన కాయితం మీద 9. ఒకే మరణానికి రెండు తేదీలు, రెండూ సరైనవే.

పెద్దమ్మ చెప్పిన వాక్యం ఇది: "బుధవారం తెల్లవారితే గురువారం, రాత్రి రెండు గంటల నలభై నిమిషాలకు." నేను ఆ మాట చిన్నప్పటి నుంచి వింటున్నాను. "ఆదివారం తెల్లవారితే సోమవారం పుట్టాడు" లాంటివి. ఏదో ముసలివాళ్ళ సాగదీత అనుకునేవాణ్ణి. టైపు చేస్తున్నప్పుడు చూస్తే అందులో ఒక్క మాట కూడా ఎక్కువ లేదు. అర్ధరాత్రి దగ్గర రోజు మారుతుందనుకునేవాడికీ, సూర్యోదయం దగ్గర మారుతుందనుకునేవాడికీ ఇద్దరికీ ఒకేసారి సరిపోయే వాక్యం అది. మేము ప్రోగ్రాముల్లో టైమ్‌స్టాంప్ రాసేటప్పుడు పక్కన టైమ్‌జోన్ రాసుకుంటాం. ఆ పని ఈ వాక్యం మాకంటే చాలా ముందు నుంచీ చేస్తోంది.

మైల లెక్కకి మాత్రం ఈ రెండూ కాక మూడో పద్ధతి కూడా ఉంది. ధర్మసింధు లాంటి గ్రంథాల్లో రాత్రి సంభవించిన మరణానికి మూడు మార్గాలు చెప్తారు. అర్ధరాత్రి ముందైతే క్రితం రోజు, తరవాతైతే మర్నాడు అన్నది ఒకటి. సూర్యోదయం దాకా క్రితం రోజే అన్నది ఇంకోటి. రాత్రిని మూడు భాగాలు చేసి, మొదటి రెండు భాగాలు క్రితం రోజుకి, చివరి భాగం మర్నాటికి ఇవ్వాలన్నది మూడోది. ఏది పాటించాలన్నది దేశాచారం, ఇంటి ఆచారం. అపరం చేయించే బ్రహ్మగారు వచ్చి కూర్చుని అడిగిన మొదటి ప్రశ్న అదే. "మీ ఇంట్లో ఎలా లెక్కపెడతారమ్మా?" మా తాతగారప్పుడు మూడో పద్ధతిలోనే చేశారని పెద్దమ్మ చెప్పింది.

ఆయన వేళ్ళమీద వేసిన లెక్క ఇలా ఉంది. ఫిబ్రవరి రెండోవారంలో కొవ్వూరులో సాయంత్రం ఆరు దాటిన రెండు మూడు నిమిషాలకి సూర్యుడు అస్తమిస్తాడు, పొద్దున ఆరున్నరకి ఉదయిస్తాడు. రాత్రి మొత్తం పన్నెండున్నర గంటలు. అందులో మూడో వంతు నాలుగు గంటల పది నిమిషాలు. రెండు భాగాలు గడిచేసరికి రెండు గంటల ఇరవై రెండు నిమిషాలు అవుతుంది. పెదనాన్న పోయింది దానికి పద్దెనిమిది నిమిషాల తరవాత. కాబట్టి మూడో భాగం, కాబట్టి గురువారమే మొదటి రోజు.

ఆ పద్దెనిమిది నిమిషాల వల్ల తేడా ఏమిటంటే, గురువారం మొదటి రోజైతే పదో రోజు 18వ తేదీ శనివారం. బుధవారం మొదటి రోజైతే పదో రోజు 17, శుక్రవారం. ఆ ఏడు 18వ తేదీ మహాశివరాత్రి. కొవ్వూరు తెలిసినవాళ్ళకి ఇంక చెప్పక్కర్లేదు. పదో రోజు ధర్మోదకాలు వదలడానికి వెళ్ళేది గోష్పాద క్షేత్రానికే, శివరాత్రికి జనం స్నానాలకి వచ్చేదీ గోష్పాద క్షేత్రానికే. అందరూ స్నానం చేసి గుడికి వెళుతుంటే మధ్యలో మేము తడిబట్టలతో, చేతుల్లో నువ్వులు పట్టుకుని నిలబడాలి. చిన్నన్నయ్య మెల్లిగా అన్నాడు, "సూర్యోదయం లెక్క కూడా శాస్త్రంలో ఉందంటున్నారు కదండీ, శుక్రవారం పెట్టేసుకుంటే?" బ్రహ్మగారు కోప్పడలేదు. "ఉంది నాయనా. కానీ మీ తాతగారికి ఒకటీ మీ నాన్నగారికి ఒకటీ చేస్తే రేపు మీ పిల్లలు దేన్ని చూసి చేస్తారు?" అన్నారు. పెద్దమ్మ "శనివారమే" అంది. గోష్పాదం దగ్గర ప్రధాన మెట్లు వదిలేసి, కాస్త దూరంగా ఒడ్డున చేయించుకుందామని ఆయనే దారి చూపించారు.

పదో రోజు అన్నప్పుడు ఇంకో చిక్కు ఉంది. చనిపోయిన రోజునే ఒకటిగా లెక్కపెట్టాలి. మా బావమరిది ఒకాయన ఎక్సెల్‌లో తేదీలన్నీ వేసి పంపాడు, చాలా శ్రద్ధగా, రంగులు కూడా వేసి. పదో రోజుకి 9వ తేదీకి పది కలిపాడు. 19 వచ్చింది. కలపాల్సింది తొమ్మిది.

```
పదో రోజు = మొదటి రోజు + 9
```

"పదో రోజు" అనేది పది రోజుల తరవాత కాదు, పదో స్థానంలో ఉన్న రోజు. చాలా కర్మ కార్డుల్లో తేదీకీ వారానికీ పొంతన కుదరకపోవడానికి ఈ ఒకటి తేడాయే కారణమని నాకు అనుమానం. అందుకే కార్డులో తేదీ, వారం, ఎన్నో రోజో మూడూ వేయమంటారు. మూడింటిలో ఒకటి తప్పితే మిగతా రెండూ పట్టిస్తాయి. వట్టి తేదీ ఒక్కటే వేస్తే తప్పు ఎవరికీ కనిపించదు.

ఇక సాయంత్రం నాలుగు గంటల సంగతి. ఆ కబురులో అన్నిటికంటే బరువైన మాట అది, చూడ్డానికి మాత్రం వట్టి టైము. పెద్దన్నయ్య డాలస్‌లో బుధవారం రాత్రి విమానం ఎక్కితే శుక్రవారం సాయంత్రానికి కొవ్వూరు చేరతాడు. ఫ్రీజర్ బాక్స్ తెప్పించి శుక్రవారం దాకా ఉంచుదామని ఇంట్లో సగం మంది అన్నారు. ఈ రోజుల్లో చాలామంది అలా చేస్తున్నారు, అందులో తప్పుపట్టాల్సింది ఏమీ లేదు. అప్పుడు కబురులో ఆ వాక్యం "పెద్దకుమారుడు అమెరికా నుండి వచ్చిన పిదప" అని మొదలవుతుంది. పేపర్లలో ఆ వాక్యం తరచు కనిపిస్తుంది కూడా. నేను రెండు రకాలుగానూ టైపు చేసి ఉంచాను. పెద్దమ్మ వీడియో కాల్‌లో కొడుకుతోనే మాట్లాడింది. ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు, వరండాలోకి వచ్చేశాను. లోపలికి వెళ్ళేసరికి "నాలుగింటికి అని రాయి నాన్నా" అంది. పెద్దవాడి అనుమతితో చిన్నవాడు నిప్పు పెట్టాడు. నిప్పు పెట్టినవాడే పన్నెండు రోజుల కర్మా నడపాలి కాబట్టి కార్డులో ఆ తరవాత జరిగేవన్నీ చిన్నన్నయ్య పేరుమీదే వచ్చాయి. పెద్దన్నయ్య శుక్రవారం రాత్రి వచ్చాడు, శనివారం మూడో రోజు అస్థి సంచయనానికి అందుకున్నాడు. విన్న రోజే మొదటి రోజు కాబట్టి అతని పది రోజులూ మిగతా అందరితో పాటే పూర్తయ్యాయి.

పోవడాన్ని ఏ మాటతో చెప్పాలి అన్నదాని మీద కూడా కాసేపు నడిచింది. పోవడం గురించి మన భాషలో ఉన్నన్ని మాటలు పుట్టడం గురించి లేవనుకుంటాను. వైష్ణవుల ఇళ్ళలో పరమపదిస్తారు, శైవుల ఇళ్ళలో శివైక్యం చెందుతారు, క్రైస్తవుల ప్రకటనలో ప్రభువునందు నిద్రిస్తారు. ఆ ఒక్క క్రియ చూసి ఆ ఇల్లు ఎవరిదో చెప్పేయొచ్చు. పెదనాన్న గుడికి వెళ్ళేవారు కాదు. నేను "దివంగతులైనారు" అన్నాను, అందరికీ సరిపోతుంది కదా అని. పెద్దమ్మ "కాలం చేశారు అని రాయి" అంది. మా అక్క "అది మరీ పల్లెటూరి మాటలా ఉంటుంది, పేపర్లో బాగోదు" అంది. గ్రూపులో "కాలం చేశారు" అని వెళ్ళింది, పేపర్లో "దివంగతులైనారు" అని వచ్చింది. నాకు ఇప్పటికీ మొదటిదే నచ్చుతుంది. అందులో ఆయన్ని ఏ లోకానికీ పంపించలేదు.

పేపర్ ప్రకటన వేరే కథ. అక్కడ జాగాకి డబ్బు కాబట్టి ప్రతి మాటా తూకం వేస్తారు. తీసుకున్న ఏజెంటు "తెల్లవారితే గురువారం" కొట్టేశాడు. "తేదీ ఉంది, తె. 2.40 అని ఉంది, మళ్ళీ ఇదెందుకండీ" అన్నాడు. ఇంకో చిక్కు, ఏ జిల్లా పేజీలో వేయాలన్నది. కొవ్వూరు 2022 ఏప్రిల్ నుంచి తూర్పు గోదావరిలోకి వచ్చింది. మా చుట్టాల్లో సగం మంది తణుకు, భీమవరం వైపు. వాళ్ళు చూసే పేజీ వేరు. పెదనాన్న డెబ్భై ఏళ్ళు పశ్చిమగోదావరి వాడిగా బతికి, పది నెలలు తూర్పుగోదావరి వాడిగా ఉండి పోయారు. చివరికి రెండు పేజీల్లోనూ వేయించారు, చిన్న సైజులో.

కార్డుకి వచ్చేసరికి మళ్ళీ పూర్తి వాక్యాలు వచ్చాయి. నల్ల సిరా, పసుపు లేదు. 18 శనివారం పదో రోజు ధర్మోదకాలు, గోష్పాద క్షేత్రం దగ్గర, శివరాత్రి రద్దీ ఉంటుంది కాబట్టి దాయాదులు మాత్రం రేవుకి రావాలని, మిగతావాళ్ళు ఇంటికి రావాలని. 20 సోమవారం పన్నెండో రోజు సపిండీకరణం. 21 మంగళవారం శుభస్వీకారం, మధ్యాహ్నం భోజనం. అక్కడ మొదటిసారి "విచ్చేసి" అన్న మాట వచ్చింది. మంగళవారం ఏమిటని ఒకరిద్దరు గొణిగారు. పదమూడో రోజు ఎప్పుడొస్తే అప్పుడే, దానికి వారం చూడరని బ్రహ్మగారు చెప్పారు.

కార్డు కింద "ఇట్లు" దగ్గర కొడుకులు, కోడళ్ళు, మనవల పేర్లు ఉన్నాయి. మొత్తం చెప్పి రాయించిన మనిషి పేరు మాత్రం లేదు. ప్రెస్సువాడి దగ్గరున్న నమూనాలో ఆ చోటే లేదు. కొత్తగా కొన్ని ప్రకటనల్లో "భార్య" అని మొదట వేస్తున్నారు, చూశాను. వేయిద్దామా అని అడిగితే "ఇప్పుడు అదెందుకు, తేదీలు మళ్ళీ ఒకసారి చదువు" అంది. నేను ప్రెస్సువాడికి విడిగా చెప్పి వేయించి ఉండొచ్చు. ఆవిడ వద్దన్న పని ఆ రోజు చేయాలనిపించలేదు. ఆ కార్డు నమూనా మాత్రం మారాల్సిందే.

ఏజెంటు కొట్టేసిన ఆ రెండు మాటల వల్ల ఏమైందో ఏడాది తరవాత తెలిసింది. ఆబ్దికం తేదీకి కాదు, తిథికి పెడతారు. పోయిన ఘడియలో ఏ తిథి ఉంటే అది. పేపర్ కటింగ్ దాచుకున్న తణుకు మేనత్త క్యాలెండర్‌లో 2023 ఫిబ్రవరి 9 చూసి, మాఘ బహుళ చవితి అని రాసి పెట్టుకుంది. క్యాలెండర్ గడిలో వేసేది సూర్యోదయానికి ఉన్న తిథిని. ఆ రోజు చవితి వచ్చింది పొద్దున ఆరు గంటల ఇరవై నిమిషాలు దాటాక. రాత్రి రెండు నలభైకి ఇంకా తదియే. "బుధవారం తెల్లవారితే" అని ఉండి ఉంటే ఆవిడ బుధవారం గడి చూసేది, అక్కడ తదియ అని స్పష్టంగా ఉంది. అంటే మైల లెక్కకి గురువారం, తిథి లెక్కకి బుధవారపు గడి. ఆ ఒక్క వాక్యంలో రెండూ ఉన్నాయి.

మొదటి ఏడాది "ప్రథమ వర్ధంతి" అని ఫోటోతో ప్రకటన 2024 ఫిబ్రవరి 9న వచ్చింది, ఇంగ్లీషు తేదీ ప్రకారం. ఆబ్దికం పెట్టింది ఫిబ్రవరి 27న. పద్దెనిమిది రోజులు తేడా. మధ్యలో 2023లో అధిక శ్రావణం వచ్చింది, ఒక నెల ఎక్కువ. ప్రకటన చూసి 9వ తేదీన ఫోన్ చేసి "అయిపోయిందా, మాకు చెప్పలేదేం" అన్నవాళ్ళకి చిన్నన్నయ్య జవాబు చెప్పలేక అలిసిపోయాడు.

పెద్దన్నయ్య డాలస్ నుంచి అడిగాడు, ప్రతి ఏడూ గుర్తుచేసేలా ఫోన్లో రిమైండర్ పెట్టమని. ఫోన్ ఏటా ఒకే తేదీకి గుర్తుచేస్తుంది, తదియకి గుర్తుచేయదు. పెద్దమ్మ దగ్గర ఆ ఏటి పంచాంగం ఉంది. దాని అట్ట లోపలివైపు పెన్సిల్‌తో "శుభకృత్, మాఘ బ. తదియ, బుధ రాత్రి 2.40" అని రాసుకుంది. ఏటా ఉగాదికి కొత్త పంచాంగం రాగానే ఆవిడ ఆ లైను ఫోన్లో చదువుతుంది, మాఘమాసం పేజీ తిప్పి ఆ ఏటి తేదీ చెప్తుంది, నేను దాన్ని మా అందరి క్యాలెండర్‌లో వేస్తాను. 2024కి ఫిబ్రవరి 27 వేశాను. 2025కి ఫిబ్రవరి 15.